బొట్లు బొట్లుగా నీళ్ళు కారుతున్నాయా?

విజయవాడ నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈవారం మిగతా ఉత్తరాలన్నిటినీ పక్కన పెట్టించింది.

"అక్కయ్యగారూ, మేము కొత్తగా 15 లీటర్ల గీజరు కొన్నాం. దానితో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులోనూ, హిందీలోనూ ఉంది. మా అత్తగారికి ఆ రెండూ రావు. జాగ్రత్తలన్నీ తెలుగులో వ్రాసి స్నానాలగది తలుపుకి అంటిద్దామని కూర్చుంటే సగం మాటలకి తెలుగే తోచలేదు. మీరు కాస్త వ్రాసి పెడతారా? అన్నట్టు, గీజరు కింద సన్నగొట్టం లోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయని మామగారు దానికి కర్రబిరడా బిగించారు. ఇప్పుడు కారడం లేదు" అని.

అమ్మాయీ, ముందు నీ ఆఖరి మాటకి జవాబు. ఈ పత్రిక చేతిలో ఉండగానే లేచి వెళ్ళి, గీజరు స్విచ్చి బోర్డు దగ్గర కట్టెయ్యి. మర్నాటి ఉదయం దాకా దాని జోలికి ఎవరినీ వెళ్ళనివ్వకు. లోపలి నీళ్ళు పూర్తిగా చల్లారాక వేడినీళ్ళ కుళాయి నెమ్మదిగా తిప్పి ఒత్తిడి పోనియ్యి. ఆ తరువాత మెకానిక్కుని పిలిచి బిరడా తీయించు. అది తీసేదాకా గీజరు వెయ్యవద్దు. మామగారికి కోపం వస్తే ఈ కింది నాలుగు ముక్కలూ చదివి వినిపించు. ఆయన చేసిన పని తెలివితక్కువదేం కాదు. నీళ్ళు కారితే ఆపాలనుకోవడం ఏ ఇంటి పెద్దకైనా సహజమే. పుస్తకంలో ఆ వాక్యం ఆయనకి అర్థమయ్యే భాషలో లేకపోవడమే వచ్చిన చిక్కు.

నీళ్ళు వేడెక్కితే కాస్త ఉబ్బుతాయి. పాలు పొంగినట్టు కంటికి కనిపించకపోయినా ఉబ్బుతాయి. మీ 15 లీటర్ల నీళ్ళు 25 డిగ్రీల నుంచి 75 డిగ్రీలకి వచ్చేసరికి సుమారు మూడోవంతు లీటరు, అంటే ఒకటిన్నర గ్లాసు, పెరుగుతాయి. గీజరు తొట్టి అంచుల దాకా నిండి ఉంటుంది. చుట్టూ ఉక్కు. చన్నీళ్ళు వచ్చే దారిలో నీళ్ళు వెనక్కి పోకుండా ఒక కవాటం ఉంటుంది. కుళాయి కట్టి ఉంటుంది. మరి ఆ ఒకటిన్నర గ్లాసు ఎక్కడికి పోవాలి? అందుకోసమే చన్నీటి గొట్టం దగ్గర సేఫ్టీవాల్వు పెడతారు. లోపల ఒత్తిడి హద్దు దాటగానే అది కాస్త తెరుచుకుని, ఆ సన్నగొట్టం గుండా బొట్లు బొట్లుగా వదులుతుంది. చాలా గీజర్లకి ఆ హద్దు 8 బార్లు. ఒక బారంటే 10 మీటర్ల ఎత్తు నీళ్ళ బరువనుకోండి. మేడమీద ట్యాంకు నుంచి కింది వాటాకి వచ్చే నీళ్ళకి ఒక బారు కూడా ఉండదు. అలాంటిది 8 బార్లు తట్టుకునే తొట్టిలో నీళ్ళకి ఎటూ దారి లేకుండా చేస్తే, ఒత్తిడి ఆ హద్దుని ఇట్టే దాటిపోతుంది. అతుకులు సాగుతాయి, లీకు మొదలవుతుంది.

అంతటితో ఆగినా బాగుండును. వేడిని అదుపు చేసే థర్మోస్టాటు కూడా ఎప్పుడో ఒకనాడు మొరాయించిందనుకోండి, దాని వెనక కాపలాగా ఉండే కటౌటూ పని చెయ్యలేదనుకోండి, బిగించిన తొట్టిలో నీళ్ళు 100 డిగ్రీలు దాటినా ఆవిరి కావు. ఒత్తిడి వాటిని నీళ్ళుగానే పట్టి ఉంచుతుంది. అప్పుడు అతుకు విడిపోతే, ఆ నీళ్ళలో కొంత భాగం ఒక్క క్షణంలో ఆవిరై వెయ్యిరెట్లకు పైగా వ్యాపిస్తుంది. గీజరు పేలిందని పేపర్లో చదువుతామే, అది ఇదే. మామగారి బిరడా ఆ తలుపుకి వేసిన గడియ.

ఇప్పుడు ఆ పుస్తకం సంగతి. ఈ బొట్ల విషయం అందులో లేదనుకోకండి, ఉండే ఉంటుంది. నీళ్ళు నిలవ ఉండే గీజర్లకి అంతర్జాతీయంగా ఒక భద్రతా ప్రమాణం ఉంది, ఐ.ఇ.సి. 60335 అని. మన దేశపు ప్రమాణం దాన్ని అనుసరించే నడుస్తుంది. ఏ కంపెనీ పుస్తకం తెరిచినా అవే వాక్యాలు అచ్చుగుద్దినట్టు కనిపించేది అందుకే. అందులో ఒక వాక్యాన్ని మాటకి మాట తెలుగు చేస్తే ఇలా వస్తుంది: "పీడన ఉపశమన సాధనము యొక్క విసర్జక నాళము నుండి జలము స్రవించవచ్చును, ఈ నాళము వాతావరణమునకు తెరువబడి ఉండవలెను." వ్యాకరణానికేం లోటు లేదు. అర్థమూ ఉంది. కాని మీ అత్తగారు దాన్ని చదివి బిరడా పీకుతారా? స్నానాలగదిలో నిలబడి చదివినవాళ్ళకి ఏది ముట్టుకోవాలో, ఏది ముట్టుకోకూడదో చెప్పలేని వాక్యం ఎంత శుద్ధంగా ఉన్నా హెచ్చరిక కాదు. దాన్నే నేనైతే ఇలా వ్రాస్తాను: "గీజరు కింద సన్నగొట్టం లోంచి నీళ్ళు బొట్లుగా కారితే కారనివ్వండి. అలా కారడం మంచిదే. ఆ గొట్టం మూతిని గుడ్డతో గాని, బిరడాతో గాని ఎప్పుడూ మూయకండి. మూస్తే గీజరు పేలవచ్చు."

ఏం జరిగిందో చూశారా? "స్రవించవచ్చును" అన్నప్పుడు అదేదో లోపమన్నట్టు వినిపించింది. "కారడం మంచిదే" అనగానే బిరడా చెక్కాలన్న కోరికే పుట్టదు. ఇంగ్లీషులో లేని ముక్క నేను చేర్చాననకండి. ఆ వాక్యం ఉన్నది ఆ అర్థం కోసమే. పైగా మూస్తే ఏమవుతుందో చెప్పకపోతే ఎవరూ ఖాతరు చెయ్యరు. మన ఇళ్ళలో "ఎందుకు?" అన్న ప్రశ్నకి జవాబు లేని నిషేధం రెండో రోజుకి చెల్లదు.

ఇలాంటి చిక్కుమాటలు మరో మూడు నాలుగున్నాయి. పరికరాన్ని "ఎర్త్" చెయ్యాలంటుంది పుస్తకం. నిఘంటువు చూసి "భూస్థాపితము చేయవలెను" అని వ్రాశామా, కొన్న గీజరుని పెరట్లో పాతిపెట్టమన్నట్టే! ఎర్తింగును ఎర్తింగనే వ్రాయండి. ఎలక్ట్రీషియనూ అదే అంటాడు, ఇంటివాళ్ళూ అదే అంటారు. కరెంటు పారే తీగలని "సజీవ భాగములు" అనడమూ ఇటువంటిదే. "కరెంటు ఉన్న తీగలు" అంటే చాలు.

నవ్వొచ్చే మాటలకంటె, నవ్వు రాని మాటలతోనే ప్రమాదం ఎక్కువ. "మూత విప్పేముందు సరఫరా నిలిపివేయండి" అని వ్రాశారనుకోండి. ఏ సరఫరా? గీజరుకి నీళ్ళ సరఫరా ఉంది, కరెంటు సరఫరా ఉంది. చదివినాయన నీళ్ళ కుళాయి కట్టి, మూత విప్పి, కరెంటు తీగ మీద చెయ్యి వేస్తే? ఇంగ్లీషువాడికి ఆ సందర్భంలో ఆ మాట కరెంటుకే చెల్లుతుంది. మనకి చెల్లదు. అంచేత "బోర్డు దగ్గర స్విచ్చి కట్టి, ప్లగ్గు ఊడదీసి, ఆ తరువాతే మూత విప్పాలి" అనాలి. స్విచ్చి ఒక్కటీ కడితే చాలదు. వైరింగు తారుమారుగా చేసిన ఇళ్ళలో స్విచ్చి కట్టినా తీగలో కరెంటు ఉంటుంది.

"తొట్టి నిండియుండనిచో ఉపకరణమును ప్రారంభింపరాదు" అన్న వాక్యం చూడండి. ఒక కాదులో మరో కాదు. చదివేవాడు ఆగి లెక్క కట్టుకోవాలి. పైగా తొట్టి నిండిందో లేదో బయటికి కనపడదాయె, ఎలా తెలుస్తుంది? తెలుసుకునే పని చెప్పండి: "ముందు వేడినీళ్ళ కుళాయి తిప్పండి. గాలి, నీళ్ళు కలిసి చిమ్మడం ఆగి, ధార నిలకడగా పడితేనే స్విచ్చి వెయ్యండి." పని ఏ వరసలో చెయ్యాలో వాక్యమూ అదే వరసలో నడిచింది. కాదులు పోయాయి.

"అర్హత గల వ్యక్తిచే" అన్నది మరొకటి. మన వీధిలో స్క్రూడ్రైవరున్న ప్రతివాడూ అర్హుడే. "కంపెనీ మెకానిక్ గాని, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ గాని" అని పేరు పెట్టి చెప్పాలి. అలాగే, గొట్టం మంచు గడ్డకట్టని చోట ఉండాలన్న మాట. లంబసింగి చలిలో ఉన్నవాళ్ళు ఆ మాట ఉంచుకోవచ్చు. విజయవాడ స్నానాలగది తలుపు మీద అది చోటు దండగ. కంపెనీ అచ్చువేసే పుస్తకంలో ఒక్క మాటైనా వదలడానికి వీల్లేదు. తలుపుకి అంటించే కాగితానికి ఆ నియమం లేదు, ఎంత తక్కువైతే అంత చదువుతారు.

పుస్తకంలో హెచ్చరికలకి మూడు అంతస్తులున్నాయి, గమనించారా? చాలా పుస్తకాల్లో ఒక్కో అంతస్తుకీ ఒక్కో ఇంగ్లీషు మాట వాడతారు. మొదటిది వినకపోతే ప్రాణం పోవడమో, ఘోరమైన గాయమో తప్పదు. రెండోది వినకపోతే అలా జరగవచ్చు. మూడోది వినకపోతే చిన్న గాయంతో పోవచ్చు. తెలుగులో మనం మూడింటికీ "జాగ్రత్త" అనేస్తాం. అప్పుడు తడిచేత్తో స్విచ్చి వెయ్యడానికీ, గీజరు పైపెంకుని ఇసకతో తోమడానికీ తేడా లేకుండా పోతుంది. నేను మొదటి దానికి "ప్రాణాపాయం" అనీ, రెండో దానికి "హెచ్చరిక" అనీ, మూడో దానికి "జాగ్రత్త" అనీ వాడుతున్నాను. మొదటి మాటని రెండు మూడు చోట్లకి మించి వాడకండి, వాడితే దాని పదును పోతుంది.

ఇదిగో, నీ తలుపు కాగితం. పెద్ద అక్షరాలతో వ్రాసుకో.

ప్రాణాపాయం: స్నానం చేస్తుండగా నీళ్ళుగాని, కుళాయిగాని జివ్వుమంటే వెంటనే దూరం జరగండి. గీజరునీ, కుళాయినీ మళ్ళీ ముట్టుకోకండి. బయటికి వచ్చి మెయిన్ స్విచ్చి కట్టెయ్యండి. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా గీజరు వెయ్యకండి.

ప్రాణాపాయం: గీజరు కింద సన్నగొట్టం మూయకండి. బొట్లు కారడం మంచిదే. మూస్తే గీజరు పేలవచ్చు.

హెచ్చరిక: కుళాయిలో ధార నిలకడగా వస్తుంటేనే స్విచ్చి వెయ్యండి. తడిచేత్తో స్విచ్చి, ప్లగ్గు ముట్టుకోకండి.

హెచ్చరిక: బకెట్టులో ముందు చన్నీళ్ళు, తరువాత వేడినీళ్ళు పట్టండి. చెయ్యి పెట్టి చూశాకే పిల్లల మీద పొయ్యండి.

హెచ్చరిక: తీగ చితికినా, ప్లగ్గు నల్లబడినా గీజరు వాడకండి. తీగని ఇంట్లో అతకకండి. కంపెనీ మెకానిక్కునే పిలవండి.

ఇంతే. బకెట్టు మాట పుస్తకంలో ఉండదు, అది నేను చేర్చినది. ఇంగ్లీషువాళ్ళు కాలిపోతుందని మాత్రం వ్రాసి ఊరుకుంటారు. మన ఇళ్ళలో బకెట్టు పెట్టి, వేడినీళ్ళ కుళాయి తిప్పి, ఈలోగా వంటింట్లోకి వెళ్ళి వస్తాం. 60 డిగ్రీల నీళ్ళు పెద్దవాళ్ళ చర్మాన్నైనా అయిదారు సెకన్లలో లోతుగా కాలుస్తాయి. పసివాళ్ళకి అంత సేపు కూడా పట్టదు. పాకే పిల్లలున్న ఇంట్లో థర్మోస్టాటు మర తిప్పి వేడిని 50 డిగ్రీల దగ్గరకి తగ్గించుకోవడం మేలు.

ఇక బిగింపు సంగతి. పుస్తకంలో పది పేజీలు బొమ్మలతో ఉంటుంది. మెకానిక్కు వచ్చినప్పుడు పక్కన నిలబడి చూడవలసినవి మాత్రం కొద్దే.

గీజరు బరువు మొదటిది. నీళ్ళే 15 కిలోలు, గీజరు బరువు దానికి అదనం. కాబట్టి గట్టి ఇటుకగోడకో, కాంక్రీటుకో బోల్టులు దిగాలి. టైల్సు వెనక బోలుగా ఉన్న చోట దిగితే ఎప్పుడో ఒకనాడు నెత్తిమీదకి వస్తుంది. ఇక గొట్టాలు. నీలంగుర్తు ఉన్నది చన్నీళ్ళు వచ్చేది, ఎర్రగుర్తు ఉన్నది వేడినీళ్ళు పోయేది. సేఫ్టీవాల్వు నీలంగుర్తు వైపే, దాని మీద ఉన్న బాణంగుర్తు గీజరు వైపు తిరిగి ఉండేలా బిగించాలి. వాల్వుకీ గీజరుకీ మధ్య మరో కుళాయి పెట్టనివ్వకండి. ఆ కుళాయి కట్టేస్తే మళ్ళీ బిరడా కథే. బొట్లు కారే సన్నగొట్టం పై నుంచి కిందికి ఏకవాలుగా దిగి, తూము దగ్గర మూతి తెరిచి ఉండాలి. అందం కోసం దాన్ని గోడలోకి కలిపేస్తామంటారు కొందరు మేస్త్రీలు. వద్దనండి, కారుతోందో లేదో మనకి కనపడాలి.

కరెంటు విషయం ఇంకాస్త నిదానంగా చూడాలి. మీ గీజరు 2000 వాట్లదైతే, 230 వోల్టుల మీద సుమారు 8.7 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఫ్యాను, రేడియోల ప్లగ్గుకి పెట్టే 6 ఆంపియర్ల సాకెట్టు దీనికి ఆనదు. దానికి పెడితే ముందు ప్లగ్గు వేడెక్కుతుంది, తరువాత ప్లాస్టిక్కు మాడిన వాసన వస్తుంది, ఆపైన నల్లబడుతుంది. 16 ఆంపియర్ల మూడుకన్నాల సాకెట్టు, దాని వెనక 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, విడిగా ఒక ఎం.సి.బి. కావాలి. మూడోకన్నం ఉన్నంత మాత్రాన ఎర్తింగు ఉందనుకోకండి. పాతఇళ్ళలో కన్నం ఉంటుంది గాని వెనక తీగ ఉండదు. ఎలక్ట్రీషియన్ చేత మీటరుతో చూపించుకోండి. మెరిసే టెస్టరు ఎర్తింగు ఉందో లేదో చెప్పలేదు. వీలైతే 30 మిల్లీయాంపియర్ల ఆర్.సి.సి.బి. ఒకటి బోర్డులో పెట్టించండి. కరెంటు కాస్త దారి తప్పినా అది క్షణంలో కట్టేస్తుంది. దాని మీద ఉన్న టెస్టు మీటను నెలకోసారి నొక్కితే టప్పున పడాలి. పడకపోతే మార్పించండి. గీజరు వేసినప్పుడల్లా అదే పడిపోతుంటే, "ఈ దరిద్రం ఎప్పుడూ ఇంతే" అని దాన్ని తప్పించి తీగ కలపడం కొన్ని ఇళ్ళలో ఉంది. లోపలి కాయిలు చెడి కరెంటు నీళ్ళలోకి పోతోందని అది చెబుతున్న మాటే ఆ పడిపోవడం.

అంతా అయ్యాక మొదటిసారి వెయ్యడం. నీళ్ళవాల్వు తెరిచి, వేడినీళ్ళ కుళాయి తిప్పి, ధార నిలకడ అయ్యాక కట్టి, అతుకులన్నీ పొడిగుడ్డతో తుడిచి పది నిమిషాలు చూడండి. ఎక్కడా తడి లేకపోతే స్విచ్చి వెయ్యండి. 25 డిగ్రీల నీళ్ళు 60 డిగ్రీలకి రావడానికి సుమారు 18 నిమిషాలు పడుతుంది. అరగంటైనా దీపం ఆరకపోతే థర్మోస్టాటు మర ఎక్కువలో ఉందేమో చూడండి. తగ్గించినా ఆరకపోతే కట్టేసి మెకానిక్కుకి చెప్పండి.

ఆ తరువాత బొట్లనే కనిపెట్టుకుని ఉండాలి. గీజరు వేసినప్పుడు కారి, చల్లారాక ఆగిపోతే అంతా సవ్యంగా ఉన్నట్టే. చల్లగా ఉన్నప్పుడూ, రాత్రీ పగలూ కారుతుంటే వాల్వులో ఇసక చిక్కుకుందన్నమాట, లేదా ఎత్తైన అపార్టుమెంట్లలో నీళ్ళ ఒత్తిడే మరీ ఎక్కువగా ఉందన్నమాట. ఒత్తిడి ఎక్కువైతే దాన్ని తగ్గించే వాల్వు మరొకటి కావాలి. బొట్లకి బదులు వేడినీళ్ళు ధారగా, ఆవిరితో చిమ్మితే మాత్రం థర్మోస్టాటు పోయినట్టే. బోర్డు దగ్గర కట్టేసి, ఆ గదిలోకి ఎవరినీ పోనివ్వకండి.

అసలెప్పుడూ కారకపోతే? కొన్ని ఇళ్ళలో వెనక్కి పోనివ్వని కవాటం లేక, ఉబ్బిన నీళ్ళు మేడమీది ట్యాంకులోకే తిరిగి పోతాయి. అప్పుడు కారదు. కాని బోరునీళ్ళ సున్నం పట్టి వాల్వు బిగుసుకుపోయినా కారదు. రెండింటికీ తేడా తెలియాలంటే, నెలకోసారి పొద్దున్నే, గీజరు వెయ్యకముందు, నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు వాల్వు మీది చిన్నమీటను ఎత్తండి. సన్నగొట్టం లోంచి నీళ్ళు చిమ్మి, మీట వదలగానే ఆగాలి. చిమ్మకపోతే వాల్వు మార్పించాలి. ఆ మీట ఎత్తే రోజు ఏదో, నీ తలుపు కాగితం అడుగున వ్రాసిపెట్టుకో. బిగించిన తేదీ, గీజరు మోడలు నంబరు కూడా అక్కడే వ్రాస్తే, మెకానిక్కుకి ఫోను చేసినప్పుడు పుస్తకం కోసం వెతుక్కోనక్కరలేదు.